మారింది పైరా, వెలుగా?

ఆగస్టులో నందవరం, ఎమ్మిగనూరు, ఆదోని చుట్టుపక్కల పత్తి చేల మీద ఆకాశం ఒక్క గంట కూడా ఒకేలా ఉండదు. నైరుతి గాలి తోసుకొచ్చే మబ్బు తునకలు ఒకదాని వెనక ఒకటి సాగిపోతుంటాయి. కాసేపు ఎండ, కాసేపు నీడ, మళ్లీ ఎండ. పత్తి ఆరోగ్యాన్ని డ్రోన్‌తో కొలవాలంటే ఎగరాల్సింది కూడా ఈ నెలల్లోనే. ఎరువు వేయాలా, మందు కొట్టాలా, కాలువ నీటి కోసం చూడాలా అన్న నిర్ణయాలన్నీ అప్పుడే జరుగుతాయి. పైరుకు కొలత అవసరమైన రోజులూ, వెలుగు నిలకడగా ఉండని రోజులూ ఇక్కడ ఒకటే. డ్రోన్ తీసిచ్చే ఆకుపచ్చ, పసుపు, ఎరుపు పటాల గురించి మాట్లాడేటప్పుడు ఈ చిక్కును పక్కన పెడుతున్నారు. పటంలో పసుపు కనిపిస్తే పైరు దెబ్బతిందనే అనుకుంటున్నారు. కెమెరాకు నిజంగా తెలిసింది చేనులోంచి తిరిగొచ్చిన వెలుగు ఒక్కటే. చేనుపై పడిన వెలుగు ఎంతో కూడా నమోదు చేస్తే తప్ప, ఆ రంగు పైరు గురించి చెబుతోందో మబ్బు గురించి చెబుతోందో తేల్చడం కుదరదు. కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో నల్లరేగడి, ఎర్రనేల పక్కపక్కనే ఉండటం వల్ల ఈ నమోదు మరింత అవసరమవుతుంది.

పురుగుమందు కొట్టే డ్రోన్ ఇప్పుడు ఊళ్లకు కొత్త కాదు. కొలిచే డ్రోన్ వేరు. దానికి మామూలు కెమెరాతో పాటు నాలుగైదు చిన్న కెమెరాలు ఉంటాయి, వాటిలో ఒక్కోటి వెలుగులోని ఒక్కో పట్టీనే పట్టుకుంటుంది. మనకు ముఖ్యమైనవి రెండు. ఒకటి ఎరుపు, రెండోది మన కంటికి ఆనని సమీప పరారుణం. ఆకులోని పత్రహరితం ఎరుపు వెలుగును ఆహారం తయారీకి తాగేస్తుంది, కొద్దిగానే తిప్పి పంపుతుంది. పరారుణం దానికి పనికిరాదు. ఆకు లోపలి కణాలు, వాటి మధ్య గాలి గదులు దాన్ని చెదరగొట్టి బయటికి నెట్టేస్తాయి. అందుకే నిగనిగలాడే పత్తి ఆకుల గుబురు తనపై పడ్డ ఎరుపులో నూటికి అయిదు వంతులు, పరారుణంలో నూటికి నలభై అయిదు వంతుల దాకా వెనక్కి పంపగలదు. ఆకు వాడిపోయినా, పండినా, రాలి నేల బయటపడినా ఈ రెండింటి మధ్య దూరం తగ్గుతుంది. 1972లో తొలి ల్యాండ్‌శాట్ ఉపగ్రహం ఎగిరాక, అమెరికా మైదానాల పచ్చికను కొలుస్తూ రౌస్ బృందం ఈ దూరాన్ని ఒక్క అంకెలోకి కుదించింది. అదే ఎన్‌డీవీఐ. పదిహేనేళ్ల తర్వాత, 1988లో, నేల రంగు ఆ అంకెను చెడగొడుతోందని చూపి ఆల్ఫ్రెడో హుయెటే చిన్న సవరణ చేశారు. దాన్ని సావి అంటారు. ఈ కథనానికి ఈ రెండు సూత్రాలూ చాలు:

```
NDVI = (NIR - Red) / (NIR + Red)
SAVI = 1.5 × (NIR - Red) / (NIR + Red + 0.5)
```

ఇందులో `Red`, `NIR` అన్నవి కెమెరా ఇచ్చే అంకెలు కావు. చేనుపై పడిన వెలుగులో ఎంత వంతు తిరిగొచ్చిందో చెప్పే నిష్పత్తులు. కెమెరా ఇచ్చే అంకెలో పైరుతో పాటు ఎండ తీవ్రత ఉంటుంది, షట్టర్ ఎంతసేపు తెరుచుకుందన్నది ఉంటుంది, లెన్సు అంచుల్లో వచ్చే మసక ఉంటుంది. షట్టర్, లెన్సుల లెక్కను సాఫ్ట్‌వేర్ ఫొటోలో దాగిన సమాచారంతో సరిచేస్తుంది. ఎండ లెక్క మాత్రం బయటి నుంచే రావాలి, దాన్ని తెచ్చేది కాలిబ్రేషన్ ప్యానెల్. అరచేయంత బూడిదరంగు పలక అది. తనపై పడ్డ ప్రతి రంగులో ఎంత వంతు వెనక్కి పంపుతుందో ప్రయోగశాలలో ముందే కొలిచి ఇస్తారు, సాధారణంగా సగం దగ్గర ఉంటుంది. ఆదోని యార్డులో పత్తి బోరాలు తూచే ముందు కాటా మీద తెలిసిన బరువు పెట్టి చూడటం లాంటిదే ఈ పలకను ఫొటో తీయడం.

లెక్క చేసి చూద్దాం. ఎగరడానికి ముందు పలక ఫొటోలో ఎరుపు అంకె 20,000, పరారుణం 15,000 వచ్చాయనుకుందాం. పలక రెండింటిలోనూ సగమే వెనక్కి పంపుతుంది కాబట్టి ఆ ఎండలో ఎరుపులో 20,000 అంటే 0.50, పరారుణంలో 15,000 అంటే 0.50. ఇప్పుడు పత్తి గుబురు మీద ఎరుపు 2,000, పరారుణం 13,500 వచ్చాయి. నిష్పత్తులుగా మారిస్తే 0.05, 0.45. ఎన్‌డీవీఐ 0.80, సావి 0.60. పలక లేకుండా కెమెరా అంకెలనే సూత్రంలో పెడితే ఎన్‌డీవీఐ 0.74 వస్తుంది. తేడా చిన్నదిగా కనిపించవచ్చు. కానీ రెండు కెమెరాల సున్నితత్వం ఒకటి కాదు, రేపటి ఎండ ఈనాటి ఎండ కాదు. కాబట్టి ఆ 0.74ను మరో రోజు, మరో డ్రోన్ ఇచ్చిన అంకెతో పోల్చే హక్కు ఎవరికీ లేదు.

ఇక్కడ ఈ రంగం తెలిసినవారు ఒక అభ్యంతరం చెబుతారు, అది బలమైనదే. ఎన్‌డీవీఐ భాగహారం కదా, మబ్బు అడ్డొచ్చి వెలుగు తగ్గితే పైనా కిందా ఒకేలా తగ్గి జవాబు మారదు కదా, ఇక ఈ హైరానా ఎందుకని. నిజమే. మన చేనులోనే సగం చుట్టు పూర్తయ్యాక మబ్బు వచ్చి వెలుగు రెండు రంగుల్లోనూ 40 శాతానికి పడిపోయిందనుకుందాం. పాత పలక లెక్కతో చూస్తే ఎరుపు 0.02, పరారుణం 0.18 అవుతాయి. రెండూ తప్పే, అయినా ఎన్‌డీవీఐ మళ్లీ 0.80 దగ్గరే నిలుస్తుంది. ఈ సూచిక యాభై ఏళ్లు నిలబడటానికి ఈ ఓర్పు ఒక పెద్ద కారణం. కానీ ఆ ఓర్పుకు షరతు ఉంది, వెలుగు అన్ని రంగుల్లోనూ ఒకే వంతున తగ్గాలి. దట్టమైన మబ్బు కింద దాదాపు అలాగే జరుగుతుంది. మబ్బు తునకలు, మధ్యలో నీలాకాశం ఉన్నప్పుడు అలా జరగదు. నీడ పడిన చోటికి చేరే వెలుగులో నీలాకాశం నుంచి వచ్చే వాటా పెరుగుతుంది, అందులో పరారుణం తక్కువ. ఎరుపు 45 శాతానికి, పరారుణం 35 శాతానికి తగ్గితే అదే పత్తికి ఎన్‌డీవీఐ 0.75 అవుతుంది. ఆకు ఒక్కటీ వాడలేదు, అంకె మాత్రం వాడింది. అయినా, తేడా అంతే అయితే నేనూ పెద్దగా పట్టించుకోకపోదును. అసలు చిక్కు నేల దగ్గర మొదలవుతుంది.

పత్తి విత్తిన తొలి రెండు నెలలు సాళ్ల మధ్య నేల కనిపిస్తూనే ఉంటుంది. ఈ మండలాల్లో ఆ నేల అంతటా ఒకటి కాదు. నల్లరేగడి పక్కనే ఎర్ర చెక్క వస్తుంది, ఒకే రైతు పొలంలో రెండూ ఉండవచ్చు. పైగా రేగడి వాన పడ్డాక మరింత నల్లబడుతుంది. రెండు చెక్కల్లోనూ ఒకే వయసు, ఒకే ఆరోగ్యం ఉన్న పత్తి సరిగ్గా సగం నేలను కప్పిందనుకుందాం. తడిసిన రేగడి ఎరుపులో 0.05, పరారుణంలో 0.07 వెనక్కి పంపితే, సగం పైరు సగం నేల కలిసిన అంకెలు 0.05, 0.26 అవుతాయి. ఎన్‌డీవీఐ 0.68. ఎండిన ఎర్రనేల 0.20, 0.28 పంపితే కలిసిన అంకెలు 0.125, 0.365. ఎన్‌డీవీఐ 0.49. ఒకే పైరు, ఒకే కప్పు, కానీ పటంలో ఒక చెక్క ఆకుపచ్చ, పక్క చెక్క పసుపు. ఆ పసుపు చూసి ఎర్ర చెక్కకు మరో కట్ట యూరియా వేసిన రైతు పైరుకు లేని జబ్బుకు మందు పెట్టినట్టు. ఇవే అంకెలు సావి సూత్రంలో పెట్టండి. రేగడికి 0.39, ఎర్రనేలకు 0.36 వస్తాయి. కింద కలిపిన ఆ 0.5 నేల రంగు ప్రభావాన్ని దాదాపుగా తుడిచేసింది. కాబట్టి నందవరం లాంటి చోట పత్తి తొలి దశను కొలవాలంటే ఎన్‌డీవీఐ కన్నా సావి నమ్మదగినదన్నది నా అభిప్రాయం.

నేల విషయంలో మేలు చేసిన ఆ 0.5, వెలుగు విషయంలో సూచికను నిరాయుధం చేస్తుంది. 0.5 స్థిరమైన అంకె, మబ్బు వచ్చినప్పుడు అది మిగతా అంకెలతో పాటు తగ్గదు. ఇందాకటి మబ్బు ఉదాహరణకే వెళదాం. ఎరుపు 0.05 కాస్తా 0.02, పరారుణం 0.45 కాస్తా 0.18 అయినప్పుడు ఎన్‌డీవీఐ చలించలేదు. సావి మాత్రం 0.60 నుంచి 0.34కు జారిపోతుంది. దాదాపు సగం పైరు పోయినంత తేడా అది, కారణం ఒక్క మబ్బు తునక. అంటే ఈ ప్రాంతపు నేలకు సరిపోయే సూచిక, ఈ ప్రాంతపు ఆకాశాన్ని ఎంతమాత్రం సహించదు. ఆకాశాన్ని సహించే సూచిక నేలను చూసి మోసపోతుంది. రెండింటి నుంచీ తప్పించుకోవాలంటే ప్రతి ఫొటోకూ అప్పటి వెలుగెంతో తెలిసి ఉండాలి. పలక, దాని ఫొటోలు, వెలుగు నమోదు తప్పనిసరి అనడానికి నాకున్న కారణం ఇదే.

దీనికి డ్రోన్ అమ్మేవాళ్ల దగ్గర జవాబు సిద్ధంగా ఉంటుంది. డ్రోన్ నెత్తిన వెలుగు సెన్సర్ ఉందిగా, ఫొటో ఫొటోకూ ఎండను కొలుస్తూనే ఉంటుందిగా, ఇక పలకెందుకని. సెన్సర్ ఉండటం మంచిదే, లేని డ్రోన్ కన్నా ఎన్నో రెట్లు మేలు. సూర్యుడు మెల్లగా పైకెక్కడం వల్ల, ఆకాశమంతా పలచని పొర పరుచుకోవడం వల్ల వచ్చే మార్పును అది చక్కగా పట్టుకుంటుంది. కానీ దానికి రెండు బలహీనతలున్నాయి. మొదటిది, డ్రోన్ ముందుకు సాగాలంటే ముక్కు వంచాలి, గాలికి ఎదురెళ్లేటప్పుడు ఇంకా వంచాలి. సెన్సర్ కూడా దానితోనే వంగుతుంది. సూర్యుడు 45 డిగ్రీల ఎత్తులో ఉన్నప్పుడు సెన్సర్ పది డిగ్రీలు సూర్యుడి వైపు వంగితే నేరుగా వచ్చే ఎండను 16 శాతం ఎక్కువగా చదువుతుంది, సూర్యుడికి ఎదురు దిశలో వంగితే 19 శాతం తక్కువగా చదువుతుంది. పోయే వరసలో ఒక లెక్క, వచ్చే వరసలో ఇంకో లెక్క. వంపును లెక్కలోకి తీసుకునే సాఫ్ట్‌వేర్ దీన్ని చాలావరకు సరిచేస్తుంది, తీసుకోనిది పటంపై చారలు గీస్తుంది. రెండోది మరీ మొండిది. సెన్సర్ కొలిచేది డ్రోన్ ఉన్న చోటి వెలుగును, కెమెరా చూసేది కింద నేలను. డ్రోన్ 60 మీటర్ల ఎత్తున ఎండలో ఉండగా ఫొటోలో సగం చేను మబ్బు నీడలో ఉండవచ్చు. ఏటవాలు ఎండలో నీడ అంచు డ్రోన్‌కూ నేలకూ ఒకేసారి రాదు. అప్పుడు సెన్సర్ నిండు ఎండ అని రాస్తుంది, నీడలోని పత్తి జబ్బు పత్తిగా నమోదవుతుంది. ఏ సాఫ్ట్‌వేరూ ఆ ఫొటోను పూర్తిగా బాగుచేయలేదు. దాన్ని తీసేసి మళ్లీ ఎగరడమే దారి.

ఎగిరే వేళ గురించి కూడా పుస్తకాల్లోని సలహాను మన ఊరి సూర్యుడికి తగ్గట్టు మార్చుకోవాలి. నీడలు తక్కువగా ఉంటాయి కాబట్టి మిట్టమధ్యాహ్నం ఎగరమని చాలాచోట్ల చెబుతారు. చల్లని దేశాల్లో అది సబబే, అక్కడ సూర్యుడు ఎన్నడూ నడినెత్తికి రాడు. నందవరంలో ఆగస్టు 8–10 తేదీల ప్రాంతంలో, మధ్యాహ్నం 12 గంటల 25 నిమిషాల వేళ సూర్యుడు దాదాపు సరిగ్గా తల మీద ఉంటాడు. డ్రోన్ నీడ దాని ఫొటో మధ్యలోనే పడుతుంది. ఆ నీడ చుట్టూ ఆకుల నీడలన్నీ ఆకుల వెనకే దాక్కోవడంతో చేను అసలు కన్నా మెరిసిపోతూ కనిపిస్తుంది. ప్రతి ఫొటో మధ్యలో ఒక దొంగ వెలుగు మచ్చ. కెమెరా చూపు నిలువు గీతకు అటూ ఇటూ పాతిక, ముప్పై డిగ్రీల దాకా పరుచుకుంటుంది కాబట్టి సూర్యుడు 60 డిగ్రీల ఎత్తు దాటకముందే పని ముగించాలి. ఆగస్టులో ఇక్కడ అది సుమారు ఉదయం 9.30 నుంచి 10.20 దాకా. అప్పటికి ఆకు మీద మంచు ఆరుతుంది, మబ్బులు ఇంకా పోగుపడవు, గాలి కూడా మధ్యాహ్నమంత ఉండదు. మధ్యాహ్నం రెండున్నర తర్వాత సూర్యుడు మళ్లీ ఆ ఎత్తుకు దిగుతాడు గానీ, అప్పటికి ఆకాశం నిండా మబ్బు కుప్పలు తయారై ఉంటాయి. రోజుకు యాభై నిమిషాలే మిగులుతున్నాయని ఎవరైనా అంటే, అవును, అంతే. ఎక్కువ ఎకరాలు చుట్టేసి తప్పు అంకెలు తేవడం కన్నా తక్కువ ఎకరాలు సరిగ్గా కొలవడం మేలు. శనగ పంట నాటికి, అంటే నవంబరు, డిసెంబరుకు వస్తే లెక్క తిరగబడుతుంది. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 51 డిగ్రీలు దాటడు. ఆ రోజుల్లో మధ్యాహ్నమే మంచి వేళ.

పలకను ఎలా వాడతారన్నది దగ్గరగా చూడాల్సిన పని, తప్పులన్నీ అక్కడే జరుగుతాయి. దాన్ని గట్టు మీదో పెట్టె మూత మీదో సమంగా పరచాలి, ఒక పక్కకు వాలినా ఎండ లెక్క మారుతుంది. డ్రోన్‌ను చేతుల్లో పట్టుకుని సుమారు మీటరు ఎత్తు నుంచి నిటారుగా ఫొటో తీయాలి. పట్టుకున్న మనిషి నీడ, డ్రోన్ రెక్కల నీడ పలకపై పడకూడదు. నీడ పడకపోయినా, తెల్ల చొక్కా వేసుకుని పలక మీదికి వంగితే చొక్కా నుంచి వెలుగు దానిపై పడుతుంది. పచ్చని పైరును ఆనుకుని పెడితే ఆకుల పరారుణం చేరుతుంది. ఇక రేగడి దుమ్ము. వేలితో తుడిస్తే పలక ముఖం గీసుకుపోతుంది, తుడవకపోతే నల్లబడి తక్కువ వెలుగు పంపుతుంది. పలక తక్కువ పంపుతున్న సంగతి సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. ఎండే తక్కువగా ఉందనుకుని చేను అంకెలన్నీ పెంచేస్తుంది. అందుకే పని లేనప్పుడు పలక సంచిలోనే ఉండాలి, ముఖాన్ని చేత్తో ముట్టుకోకూడదు. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు దాని రంగు కూడా మారుతుంది కాబట్టి మళ్లీ కొలిపించాలి. ఇంకో తప్పు మరీ కనపడనిది. నిండు ఎండలో పలక ఫొటో తెల్లగా పేలిపోయి, కెమెరా కొలవగలిగే గరిష్ఠ అంకె దగ్గర ఆగిపోతుంది. అసలు వెలుగు ఇంకా ఎక్కువ, కానీ ఫొటోలో లేదు. ఆ లెక్కతో చేస్తే పత్తి గుబురు పరారుణంలో 0.70, 0.80 పంపుతున్నట్టు వస్తుంది. పత్తి అంత పంపదు. ఇలాంటి అంకె కనిపిస్తే పైరును మెచ్చుకోవద్దు, పలక ఫొటోను అనుమానించాలి. పలక ఖరీదని ఆఫీసు కాగితమో థర్మోకోల్ ముక్కో పెట్టేవాళ్లున్నారు. కాగితంలో తెల్లదనం కోసం కలిపే రసాయనాలు ఉంటాయి, పైగా రెండూ మరీ తెల్లనివి, ఫొటోలో పేలిపోతాయి. అంతకన్నా మెరుపు లేని బూడిదరంగు వేసిన పెద్ద పలకలు రెండు, ఒకటి ముదురు, ఒకటి లేత, ఒకసారి ప్రయోగశాలలో కొలిపించి చేను గట్టునే ఉంచి పై నుంచి ఫొటోలో పడేలా చేయడం చవకా, మేలూ.

ఎగరడానికి ముందు ఒకసారి, దిగాక ఒకసారి పలక ఫొటో తీయాలంటారు. మొదటిది లెక్కకు, రెండోది సాక్ష్యానికి. రెండూ దగ్గరగా ఉంటే డ్రోన్ ఎగిరినంతసేపూ వెలుగు పెద్దగా మారలేదని ఒక ఆధారం. నూటికి పది కన్నా తేడా ఉంటే నేనైతే ఆ పటాన్ని పక్కన పెట్టమంటాను. సగటు తీసి సర్దేస్తామనేది కొందరి అలవాటు. సూర్యుడు మెల్లగా ఎక్కడం వల్ల వచ్చిన తేడాకు సగటు పనికొస్తుంది, మబ్బు వల్ల వచ్చిన తేడాకు పనికిరాదు. మబ్బు సగం చేను మీదే నిలిచి పోయి ఉండవచ్చు. రెండు ఫొటోలూ ఎండలోనే తీసి మధ్యలో మూడు మబ్బులు దాటిపోయిన సందర్భంలో పలక కూడా మోసపోతుంది. దాన్ని పట్టుకోవడానికి సెన్సర్ నమోదు గీత ఉండాలి. పలక, సెన్సర్ ఒకదానికొకటి బదులు కావనడం అందుకే.

పటాన్ని చేతిలో పెట్టుకున్న రైతుకు ఇవేవీ కనిపించవు కదా అంటే, కొన్ని కనిపిస్తాయి. పైరు జబ్బుకు చేనులో కారణం ఉంటుంది, కాబట్టి దాని అంచులు నీళ్లు నిలిచే పల్లం వెంబడో, గట్టు వెంబడో, నేల మారిన చోటో ఉంటాయి. వెలుగు తప్పుకు కారణం ఆకాశంలో ఉంటుంది. దాని అంచులు గట్లను ఖాతరు చేయవు, పక్క చేనులోకి, అక్కడి నుంచి బీడులోకి సాగిపోతాయి. డ్రోన్ ఎగిరిన వరసల వెంట సమాన దూరంలో చారలు కనిపిస్తే అది సెన్సర్ వంపు. రెండు తేదీల పటాలు ఇస్తే ముందు పైరును చూడవద్దు, ఎప్పటికీ మారని దాన్ని చూడాలి. తారు రోడ్డు, ఎల్లెల్సీ కాలువ సిమెంటు గట్టు, బడి పైకప్పు. వానకు తడిసి ఉంటే తప్ప వాటి అంకెలు రెండు రోజుల్లోనూ ఒకేలా ఉండాలి. రోడ్డు కూడా ఆ రెండు తేదీల మధ్య మారిపోయి ఉంటే పత్తి మారిందో లేదో ఆ పటం చెప్పలేదు. ఇక రంగుల సంగతి. చాలా సాఫ్ట్‌వేర్లు ఆ పూట వచ్చిన అతి తక్కువ అంకెకు ఎరుపు, అతి ఎక్కువ అంకెకు ఆకుపచ్చ వేసేస్తాయి. బాగున్న చేనులోనూ ఎర్ర మచ్చ వస్తుంది, ఎండిన చేనులోనూ ఆకుపచ్చ వస్తుంది. పటం అడుగున స్కేలులో అంకెలు లేకపోతే ఆ రంగులకు అర్థమే లేదు.

రైతుకు ఇంత శాస్త్రం ఎందుకు, తన చేనులో ఏ మూల బాగుందో ఏ మూల బాగాలేదో తెలిస్తే చాలదా అన్నది ఇంకో అభ్యంతరం. దీనితో నేను చాలావరకు ఏకీభవిస్తాను. నిర్మలమైన ఆకాశం, ఒకే నేల, పది నిమిషాల చుట్టు అయితే పలక లేని పటం కూడా బాగాలేని మూలను చూపుతుంది. రైతు వెళ్లి చూసి కారణం తెలుసుకుంటాడు, పని జరుగుతుంది. వెళ్లి చూడటం ఎలాగూ తప్పదు. పటం మచ్చను చూపుతుంది గానీ అది నత్రజని లోపమా, పచ్చదోమా, నీరు నిలవడమా అన్నది చెప్పదు. ఈ ప్రాంత పత్తిని ఎక్కువగా ఏడిపించే గులాబీ రంగు పురుగైతే కాయ లోపల ఉంటుంది, పైన ఆకు పచ్చగానే ఉంటుంది. ఎంత సరిగ్గా కొలిచిన పటమైనా దాన్ని పట్టుకోలేదు, లింగాకర్షక బుట్టలో పడే రెక్కల పురుగులే దానికి కొలత. నా పట్టుదల అంతా పోలిక దగ్గర. ఈ వారాన్ని పోయిన వారంతో, ఈ రైతు చేనును ఆ రైతు చేనుతో, ఈ ఏడాదిని కిందటేడాదితో పోల్చిన క్షణం నుంచి వెలుగు లెక్క లేని అంకె చెల్లదు.

ఉపగ్రహం ఉండగా డ్రోన్ ఎందుకని అడిగేవాళ్లకూ సగం న్యాయం ఉంది. సెంటినెల్-2 ఉపగ్రహాల జత అయిదు రోజులకోసారి, పది మీటర్ల గడులతో ఉచితంగా చిత్రాలిస్తుంది. ఎకరానికి నలభై గడులు వస్తాయి. ఆ ఉపగ్రహం తన లోపలే సూర్యకాంతిని చెదరగొట్టే పలకను మోస్తూ దాన్ని చూసి తన కెమెరాను సరిచూసుకుంటుంది, మన డ్రోన్ పైలట్ సంచిలో మరిచిపోయే పలకను అది అంతరిక్షానికి తీసుకెళ్లింది. శనగ కాలంలో, ఆకాశం తేటగా ఉన్నప్పుడు, ఈ మండలాల్లో ఊరి స్థాయి అంచనాకు ఉపగ్రహమే చాలు. డ్రోన్‌కు డబ్బు తగలేయనక్కరలేదు. ఖరీఫ్‌లో మాత్రం అదే మబ్బు ఉపగ్రహం కళ్లు కప్పేస్తుంది. పైగా పది మీటర్ల గడిలో పదకొండు పత్తి సాళ్లు, వాటి మధ్య నేల అన్నీ కలిసిపోతాయి. 60 మీటర్ల ఎత్తు నుంచి డ్రోన్ చూసే గడి మూడు సెంటీమీటర్లే కాబట్టి ఆకును నేల నుంచి విడదీసి, ఆకు అంకెను మాత్రమే తీసుకోవచ్చు. అది డ్రోన్‌కు మాత్రమే ఉన్న బలం, దాన్ని ఎండ లెక్క తప్పి పోగొట్టుకోకూడదు.

ఈ అంకెలు ఇక వ్యవసాయ సలహాల దగ్గరే ఆగవు. 2016లో కేంద్రం తెచ్చిన కరవు నిర్వహణ మాన్యువల్‌లో వర్షపాతం, సాగు విస్తీర్ణం, నేల తేమలతో పాటు ఉపగ్రహ ఎన్‌డీవీఐ నుంచి తీసే పైరు స్థితి సూచిక కూడా ఒక ప్రమాణం. 2023 ఖరీఫ్‌లో వానలు లేక రాష్ట్ర ప్రభుత్వం 103 కరవు మండలాలను ప్రకటించినప్పుడు ఆ జాబితాలో కర్నూలు జిల్లా మండలాలు పెద్ద సంఖ్యలోనే ఉన్నాయి. అదే ఖరీఫ్ నుంచి పంటల బీమాలో వరి దిగుబడి అంచనాకు సాంకేతిక పద్ధతులకు కనీసం 30 శాతం వాటా ఇచ్చారు. ఈ దారి పత్తి వైపూ, ఉపగ్రహం నుంచి డ్రోన్ వైపూ రాకుండా ఉండదు. ఆ రోజు ఒక చేను నష్టాన్ని పటం చూపి తేలుస్తామంటే, రైతు అడగాల్సినవి ఆ పటంతోనే జతపరిచి ఇవ్వాలని నేను కోరుతున్నాను. ఎగిరిన తేదీ, మొదలైన వేళ, దిగిన వేళ, ముందూ వెనకా తీసిన పలక ఫొటోలు, పలక ప్రయోగశాల అంకెలు, మధ్యలో వెలుగు సెన్సర్ గీసిన గీత, వాడిన సూచిక పేరు, రంగుల స్కేలు. వీటిలో ఫొటోలు, వేళలు, సెన్సర్ నమోదు డ్రోన్ మెమరీ కార్డులో ఎలాగూ ఉంటాయి, మిగతావి పటం తయారుచేసినవాళ్ల దగ్గర ఉంటాయి, కొత్తగా ఖర్చు లేదు. అవి లేని పటం వచ్చినప్పుడు ఆ చేనుకు అంకె వేయకుండా, ఇప్పటిదాకా చేస్తున్నట్టే గడి గీసి పంట కోత ప్రయోగం చేసి తూకం వేయాలి.